కెమిస్ట్రీ లెక్కకు మార్కులు మళ్ళీ చూడమని సార్‌ని ఎలా అడగాలి?

ప్రశ్న: నేను ఇంటర్ సెకండియర్ బైపీసీ, తెలుగు మీడియం. హాఫ్ ఇయర్లీ కెమిస్ట్రీ పేపర్లు మొన్ననే ఇచ్చారు. 600 గ్రాముల నీటిలో 45 గ్రాముల ఇథిలీన్ గ్లైకాల్ కలిపితే ఆ ద్రావణం ఘనీభవన స్థానం ఎంత అన్న లెక్కకు 4 మార్కులు. నాకు 1 వేశారు. సార్ బోర్డు మీద చెప్పిన ఆన్సర్ 270.95 K, నాది 270.90 K. నేను ఫార్ములా రాశాను. 600 g = 0.6 kg అని రాశాను. 45/62 = 0.7258, దాన్ని 0.6తో భాగిస్తే 1.2097 M, 1.86తో గుణిస్తే 2.25 K వచ్చింది. 1.2097 M చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, కింద ఆన్సర్ కొట్టేశారు. ఇంత చిన్న తేడాకు మూడు మార్కులు పోవడం అన్యాయం అనిపిస్తోంది. "సార్, నా ఆన్సర్ కరెక్టే, దయచేసి మూడు మార్కులు కలపండి" అని లెటర్ రాసి పెట్టుకున్నాను, ఇవ్వాలంటే టెన్షన్‌గా ఉంది. సార్ స్ట్రిక్ట్. రేపు రికార్డు మీద సంతకం పెట్టాల్సింది కూడా ఆయనే. ఎలా రాస్తే బాగుంటుంది?

జవాబు:

ఆ లెటర్ ఇంకా ఇవ్వకపోవడం మంచిదే అయిందమ్మా. సార్ కోప్పడతారని కాదు. నీ మార్కులు ఒక చోట పోయాయి, నువ్వు ఇంకో చోట గురించి అడగబోతున్నావు. ఆ లెటర్ చేతికిస్తే సార్ పేపరు తిప్పి, "ఇది చూడు, మోలారిటీ వేశావు" అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. నీ దగ్గర జవాబు ఉండదు. నిజానికి జవాబు ఉంది, అది నీ పేపరులోనే ఉంది. కానీ ఆ నిమిషంలో నీకు తట్టదు.

ఎర్ర పెన్ను ఎక్కడ ఆగిందో చూడు. చివరి ఆన్సర్ మీద గీత ఉంది కానీ, సున్నా చుట్టింది మాత్రం 1.2097 M చుట్టూ. పేపరు దిద్దేవాళ్ళు సున్నా చుట్టారంటే తప్పు అక్కడ మొదలైందని వాళ్ళ ఉద్దేశం. కింద గీత కొట్టడం దాని పర్యవసానమే. అంటే మీ సార్‌ని ఆపింది 270.90 కాకపోవచ్చు. ఆ M అనే ఒక్క అక్షరం అయి ఉంటుంది.

పెద్ద M అంటే మోలారిటీ, ఒక లీటరు ద్రావణంలో ఎన్ని మోల్‌ల ద్రావితం ఉందో చెప్పేది. ఈ లెక్కకు కావలసింది మోలాలిటీ, ఒక కిలో ద్రావణిలో ఎన్ని మోల్‌లు ఉన్నాయో చెప్పేది. దానికి చిన్న m వాడతాం, ప్రమాణం mol/kg. ఘనీభవన స్థానం లెక్కల్లో మోలాలిటీనే ఎందుకు వాడతామో నీకు క్లాసులో చెప్పే ఉంటారు. ఉష్ణోగ్రత మారితే ద్రవం ఘనపరిమాణం మారుతుంది, దాంతో మోలారిటీ మారిపోతుంది. బరువు మారదు కాబట్టి మోలాలిటీ మారదు. గడ్డకట్టే దాకా చల్లబరిచే ద్రావణానికి మోలారిటీ వాడడం కుదరదు. అందుకే ఈ చాప్టరులో M కనిపించగానే దిద్దేవాళ్ళ చెయ్యి ఆగిపోతుంది. అది చేతిరాత పొరపాటు కాదు, విషయమే అర్థం కాలేదు అనుకుంటారు.

నువ్వు మోలాలిటీయే కట్టావు కదా, 0.6తోనే భాగించావు కదా అంటావు. చిక్కంతా అక్కడే ఉంది. ద్రావణి నీరు. 600 గ్రాముల నీరు అంటే ఇంచుమించు 0.6 లీటరు. కాబట్టి 0.7258/0.6 అనే భిన్నాన్ని చూసి అందులోని 0.6 కిలోలో లీటర్లో ఎవరూ చెప్పలేరు. నీటి ఘనపరిమాణాన్నే ద్రావణం ఘనపరిమాణం అనుకుని మోలారిటీ కట్టేసే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. వాళ్ళకు కూడా అచ్చం ఇదే 1.2097 వస్తుంది, పక్కన M అని రాస్తారు. సార్ నీ పేపరులో చూసింది అదే. బెంజీన్‌లో కరిగించిన లెక్క అయితే ఈ అనుమానమే రాదు. బెంజీన్ సాంద్రత 1 కాదు కాబట్టి కిలోలతో భాగిస్తే ఒక సంఖ్య, లీటర్లతో భాగిస్తే ఇంకో సంఖ్య వస్తాయి. ఏది కట్టారో అంకెలే చెప్పేస్తాయి.

ఇప్పుడు నీ పేపరులో అన్నిటికంటే విలువైన లైను చూడు. నువ్వు మాటవరసకు చెప్పి వదిలేశావు: 600 g = 0.6 kg. లీటర్లు అనుకున్నవాళ్ళు kg అని రాయరు. నువ్వు భాగించింది నీటి ద్రవ్యరాశితో అనడానికి అదొక్కటే రాతపూర్వకమైన సాక్ష్యం. ఆ లైను మెయిన్ ఆన్సర్‌లో ఉందా, పక్కన రఫ్ వర్క్‌లో ఉందా, దాని మీద కొట్టివేత ఏమైనా ఉందా అన్నది లెటర్ రాయడానికి ముందే ఒకసారి చూసుకో. శుభ్రంగా పై లైనులోనే ఉంటే నీ కేసు గట్టిది. రఫ్‌లో ఉన్నా అడగొచ్చు, కాకపోతే "రఫ్ వర్క్‌లో ఉంది" అని లెటర్‌లోనే చెప్పాలి.

ఇంకో ఆధారం లెక్కలోనే ఉంది. ప్రశ్నలో ద్రావణం ఘనపరిమాణం ఇవ్వలేదు, సాంద్రత కూడా ఇవ్వలేదు. ఇచ్చిన అంకెలతో మోలారిటీ కట్టడం ఎవరివల్లా కాదు. ఇథిలీన్ గ్లైకాల్ సాంద్రత మిల్లీలీటరుకు 1.11 గ్రాముల దాకా ఉంటుంది. 45 గ్రాములు దాదాపు 40 మిల్లీలీటర్లు, నీటితో కలిపితే ద్రావణం 0.64 లీటరు దగ్గర ఉంటుంది. ఆ లెక్కన అసలైన మోలారిటీ 1.13 దగ్గర వస్తుంది, 1.2097 రాదు. ఇది నీ ధైర్యం కోసం చెబుతున్నాను, లెటర్‌లో రాయకు. విద్యార్థి లెక్చరర్‌కు పాఠం చెప్పినట్టు ఉంటుంది.

ఇక 270.90, 270.95 సంగతి. ఇది ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి కెమిస్ట్రీ పుస్తకంలో సాధించి చూపిన ఉదాహరణే. అక్కడ మోల్‌లను 0.73గా, మోలాలిటీని 1.2గా, నిమ్నతను 2.2 K గా ప్రతి మెట్టులోనూ రెండు అంకెలకు సవరించుకుంటూ వెళ్ళి 270.95 K తేల్చారు. నువ్వు మధ్యలో ఎక్కడా సవరించలేదు. ఇప్పుడు ఈ లెక్కను ఒకే లైనులో రాసి చూడు:

ΔTf = (1.86 × 45) / (62 × 0.6)

1.86ను 62తో భాగిస్తే సరిగ్గా 0.03 వస్తుంది. దాన్ని 45తో గుణించి 0.6తో భాగిస్తే 2.25. శేషం లేదు, చుక్క తర్వాత ఇంకేమీ మిగలదు. నీ 2.25 కాలిక్యులేటర్ చూపించిన ఉజ్జాయింపు కాదు, ఇచ్చిన అంకెలతో కచ్చితంగా వచ్చే విలువ. 273.15 లోంచి తీసేస్తే 270.90.

ఇంతదాకా చదివి "అయితే కీ తప్పు" అనుకోకు. 45 గ్రాములు అన్న కొలతలో రెండే సార్థక సంఖ్యలు ఉన్నాయి కాబట్టి నిమ్నతను కూడా రెండంకెలకే చెప్పడం పద్ధతి. 2.25ను రెండంకెలకు సవరించాలంటే చివర 5 ఉంది. దాని ముందు అంకె సరిసంఖ్య అయితే 5ను వదిలేయాలని ఫస్టియర్‌లో చదువుకున్న నియమం. 2 సరిసంఖ్య, కాబట్టి 2.2. అంటే నీ విలువ నుంచి మొదలుపెట్టి నియమం ప్రకారం సవరించినా కీ చెప్పిన చోటికే వస్తాం. రెండు ఆన్సర్లకూ మధ్య తగాదా లేదు, సవరించిన చోటు వేరు, అంతే. మధ్యలో 0.73 ఒక్కటీ సవరించి మిగతాది వదిలేసినవాళ్ళకు 270.89 వస్తుంది. మోలాలిటీని మాత్రం 1.2 చేసినవాళ్ళకు 270.92 వస్తుంది. ఈ నలుగురిలో ఎవరి మార్కూ కోయకూడదన్నది నా అభిప్రాయం. 45 గ్రాములు అని తూచిన ద్రావణంలో రెండో దశాంశ స్థానానికి పెద్ద అర్థం లేదు. కొందరు లెక్చరర్లు కీకి అతుక్కుపోతారు, వాళ్ళ పద్ధతి వాళ్ళది.

తేడా చిన్నదైతే చాలు సవరింపు తేడాయే అనుకోవడమూ పొరపాటే. నీటి ద్రవ్యరాశికి బదులు మొత్తం ద్రావణం 645 గ్రాములు వేసుకుంటే నిమ్నత 2.09 K వస్తుంది, చివరి ఆన్సర్ 271.06 K. చూడ్డానికి కీకి 0.11 తేడాయే. కానీ అది ద్రావణికీ ద్రావణానికీ తేడా తెలియకపోవడం. అలాంటి పేపరుతో లెటర్ రాయకూడదు. తీసేయాల్సింది కలిపేసి 275.40 K అని రాసినవాళ్ళు అసలే రాయకూడదు, ఉప్పో గ్లైకాలో కలిపిన నీరు మామూలు నీటికంటే ముందే గడ్డకట్టదు కదా. 273.15 బదులు 273 వేసి 270.75 తెచ్చినవాళ్ళ సంగతి మధ్యస్తం. అడిగితే చివరి మెట్టు మార్కులో సగం రావచ్చు.

నీకు ఎంత రావాలి? ఇలాంటి లెక్కకు మేం ఫార్ములాకు ఒకటి, మోల్‌లు కట్టి మోలాలిటీ తెచ్చినందుకు ఒకటి, నిమ్నతకు ఒకటి, ప్రమాణంతో సహా చివరి ఆన్సర్‌కు ఒకటి అని పంచుకుంటాం. మీ సార్ వేరేగా పంచుకుని ఉండొచ్చు. ఆ లెక్కన నీకు ఫార్ములా మార్కు వచ్చింది. మోలాలిటీ మెట్టులో ప్రమాణం తప్పు రాశావు కాబట్టి అక్కడ అర మార్కు పోవడం న్యాయమే, కాస్త కఠినంగా చూసేవాళ్ళు మొత్తం ఒకటీ తీసేస్తారు. తర్వాతి రెండు మెట్లకు మార్కులు రావాలి. మొత్తం మూడు లేదా మూడున్నర. నాలుగుకు నాలుగు అడగడం మాత్రం కుదరదు. "మూడు మార్కులు కలపండి" అన్న వాక్యంలో మర్యాద లోపం కంటే పెద్ద లోపం ఇదే, లెక్క తప్పింది.

ఇప్పుడు లెటర్. ఒక పేజీకి లోపల, చేత్తో రాయి. నేనైతే ఇలా రాస్తాను, ఖాళీలు నువ్వు నింపుకో.

తేదీ: …

గౌరవనీయులైన కెమిస్ట్రీ లెక్చరర్ గారికి,

నమస్కారం సార్. నేను సెకండియర్ బైపీసీ విద్యార్థినిని, రోల్ నంబరు …. హాఫ్ ఇయర్లీ పేపరులో ఇథిలీన్ గ్లైకాల్ లెక్కను మీకు వీలున్నప్పుడు ఒకసారి మళ్ళీ చూడగలరా అని అడగడానికి ఈ లెటర్ రాస్తున్నాను. అది నా ఆన్సర్ షీటు …వ పేజీలో ఉంది. ఆ లెక్కకు 4కు 1 మార్కు వచ్చింది.

మోలాలిటీ విలువ పక్కన mol/kg అని రాయాల్సింది, నేను M అని రాశాను. అది నా పొరపాటే. అయితే దాని పై లైనులో 600 g = 0.6 kg అని రాసి, నీటి ద్రవ్యరాశితోనే భాగించాను. ద్రావణం ఘనపరిమాణం ఎక్కడా వాడలేదు.

చివరి ఆన్సర్ నాకు 270.90 K వచ్చింది, మీరు క్లాసులో చెప్పింది 270.95 K. మధ్యలో సవరించకుండా కట్టడం వల్ల నిమ్నత నాకు 2.25 K వచ్చింది. రెండు సార్థక సంఖ్యలకు సవరిస్తే అది 2.2 K అవుతుంది. తేడా ఇక్కడే వచ్చిందని అనుకుంటున్నాను. నేను పొరబడి ఉంటే ఏ స్టెప్‌లోనో దయచేసి చెప్పండి సార్.

ఆన్సర్ షీటు జతచేశాను. పేపరు ఇచ్చాక అందులో నేనేమీ రాయలేదు.

ఇట్లు,
మీ విద్యార్థిని
…

ఇందులో ఎన్ని మార్కులు కావాలో ఎక్కడా లేదు, గమనించు. కావాలనే వదిలేశాను. అంకె అడిగితే అది బేరం అవుతుంది, బేరంలో అవతలివాళ్ళు తగ్గించాలనే చూస్తారు. లైను చూపిస్తే వాళ్ళంతట వాళ్ళే మళ్ళీ దిద్దుతారు. దిద్దడం వాళ్ళ పని, ఆ పని వాళ్ళకే వదిలెయ్యి.

తప్పు నువ్వే ముందు చెప్పడం గురించి నీకు సందేహం రావచ్చు. M సంగతి మనమే ఎందుకు ఎత్తాలి, సార్ మర్చిపోయి ఉంటారేమో కదా అని. ఆయన మర్చిపోలేదు, సున్నా చుట్టి పెట్టారు. నువ్వు దాన్ని దాటేసి 2.25 గురించి రాస్తే, అసలు విషయం ఇంకా అర్థం కాలేదనుకుంటారు. "M అని పొరపాటున రాశాను, కానీ భాగించింది 0.6 kg తో" అన్న వాక్యం చదివిన వెంటనే ఆయన కన్ను నీ పేపరులో పై లైను మీదికి వెళ్తుంది. ఆ లెటర్ అంతా చేయాల్సిన పని అదొక్కటే.

రెండో పేరా, మూడో పేరా వరస కూడా మార్చకు. ముందు M, తర్వాత సవరింపు. M తేలకుండా సవరింపు మాట్లాడి లాభం లేదు. మెట్టు తప్పు అనుకున్నప్పుడు దాని కింద వచ్చిన అంకె ఎంతైనా ఎవరూ చూడరు.

నీ పాత లెటర్‌లోంచి రెండు మాటలు తీసెయ్యి. "నా ఆన్సర్ కరెక్టే" అంటే కీ తప్పన్నట్టు వినిపిస్తుంది. కీ తప్పు కాదని ఇందాకే చూశాం. "అన్యాయం" లెటర్‌లో లేదులే, మనసులో ఉంది. మాట్లాడేటప్పుడు బయటికి రానీకు. ఇంకొకటి, "ఫలానా అమ్మాయికి ఇలాగే రాస్తే మూడు వేశారు" అని పొరపాటున కూడా రాయకు. నీకు పెరగకపోవచ్చు, ఆ పిల్లకు తగ్గొచ్చు. ఆ తర్వాత క్లాసులో ఎవరి ముఖం ఎవరు చూస్తారు?

పేపరు గురించి ఒక గట్టి మాట. M పక్కన చిన్నగా ol/kg అని చేర్చాలనిపిస్తుంది. చేర్చకు. ఇంకు రంగు తేడా, అక్షరాల ఇరుకు దిద్దేవాళ్ళకు ఇట్టే తెలిసిపోతాయి. పైగా సున్నా చుట్టింది వాళ్ళే కాబట్టి లోపల ఏముందో గుర్తుండే ఉంటుంది. ఒకసారి ఆ అనుమానం వచ్చిందంటే నీ 0.6 kg లైను కూడా తర్వాత రాసిందేనేమో అనుకుంటారు. నీకున్న ఒక్క సాక్ష్యమూ పోతుంది. పెన్సిల్‌తో టిక్కులు, బాణాలు కూడా పెట్టకు. ఆ పేజీ ఫొటో ఒకటి తీసుకుని దగ్గర పెట్టుకో, పేపరు మాత్రం ఇచ్చినది ఇచ్చినట్టుగా తిరిగి ఇవ్వు.

ఎప్పుడు ఇవ్వాలి అంటే, క్లాసు మధ్యలో మాత్రం వద్దు. నలభై మంది ముందు పేపరు పట్టుకుని లేస్తే, సార్ ఒప్పుకోవాలనుకున్నా ఒప్పుకోలేరు. వెనకాలే ఇంకో పది మంది లేస్తారని ఆయనకు తెలుసు. స్టాఫ్ రూముకు వెళ్ళు. "సార్, ఒక లెక్క గురించి లెటర్ రాశాను, మీకు వీలున్నప్పుడు చూడండి" అని చేతికిచ్చి వచ్చెయ్యి. అక్కడే నిలబడి వివరించబోకు, వివరించాల్సింది అంతా కాగితం మీద ఉంది. ఆయన అప్పటికప్పుడు చదివి ఏదైనా అడిగితే 0.6 kg లైను చూపించు, అంతకుమించి మాట్లాడకు. ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకు. మార్కులు రిజిస్టరులో ఎక్కాక దిద్దుబాటు కష్టం. కొట్టివేత పక్కన సంతకం పెట్టాలి, కొన్ని కాలేజీల్లో ప్రిన్సిపాల్‌కు చెప్పాలి. రిజిస్టరు ఎక్కకముందైతే ఆయన పెన్ను తీసి మార్చేస్తే సరిపోతుంది. అమ్మానాన్నలతో ఫోన్ చేయించడం, క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టడం వద్దే వద్దు.

రికార్డు సంతకం గురించిన భయం అర్థమైంది. నాకు తెలిసిన స్ట్రిక్ట్ లెక్చరర్లలో చాలామందికి "మార్కులు వేయండి సార్" అన్న మాటంటేనే చిరాకు. "ఏ స్టెప్‌లో తప్పు చేశాను" అంటే కుర్చీ లాగి కూర్చోబెడతారు. అయినా నీకు వణుకు తగ్గకపోతే రికార్డు ముందు సంతకం చేయించుకుని, తర్వాతి రోజు లెటర్ ఇవ్వు. అందులో తప్పేం లేదు. రిజిస్టరు సంగతి మాత్రం ముందు కనుక్కో.

మళ్ళీ చూశాక ఏమవుతుంది? మూడో, మూడున్నరో వేయొచ్చు. లేదా "ప్రమాణం తప్పు రాశావు, రెండే" అనొచ్చు. రెండు వేస్తే తీసుకుని థాంక్స్ చెప్పి వచ్చెయ్యి, రెండోసారి అడగకు. ఒక్కటే ఉంచితే "ఏ స్టెప్ దగ్గర సార్?" అని ఒక్క ప్రశ్న అడుగు, జవాబు విను, అక్కడితో ఆపు. ఇంకో అవకాశం కూడా ఉంది, ముందే తెలిసి ఉండాలి. పేపరు మళ్ళీ తెరిచినప్పుడు ఇంకో చోట పొరపాటున ఎక్కువ వేసిన మార్కు కంటపడొచ్చు. లెటర్ ఇచ్చే ముందు మిగతా పేజీలూ ఓపిగ్గా చూసుకో, మొదటి పేజీ మీద మొత్తం కూడిక కూడా కట్టి చూసుకో. కూడికలో తేడా ఉంటే అది వేరే సంగతి, దానికి లెటర్ అక్కర్లేదు, నోటితో చెబితే చాలు.

ఇదంతా కాలేజీ లోపలి పరీక్షలకే. పబ్లిక్ పరీక్షల్లో పేపరు ఎవరు దిద్దారో నీకు తెలియదు, లెటర్ రాయడానికి మనిషి ఉండరు. అక్కడ ఫలితాలు వచ్చాక బోర్డు చెప్పిన గడువులో ఫీజు కట్టి రీకౌంటింగ్‌కో రీవెరిఫికేషన్‌కో అప్లై చేసుకోవాలి. రీకౌంటింగ్‌లో కూడికే మళ్ళీ చూస్తారు. నీ M లాంటి సంగతి అందులో తేలదు. అందుకని అక్కడ లెక్కే నీ తరఫున మాట్లాడాలి. ఈ లెక్కను మార్చిలో ఇలా రాయి:

నీటి ద్రవ్యరాశి = 600 g = 0.6 kg
మోల్‌లు = 45 g / 62 g/mol = 0.7258 mol
మోలాలిటీ m = 0.7258 mol / 0.6 kg = 1.2097 mol/kg
ΔTf = Kf × m = 1.86 K kg/mol × 1.2097 mol/kg = 2.25 K
ఘనీభవన స్థానం = 273.15 K − 2.25 K = 270.90 K

మూడో లైనులో కిలో భాగహారంలోనే కనిపిస్తోంది కాబట్టి అది లీటరేమో అన్న అనుమానం ఎవరికీ రాదు. నాలుగో లైనులో kg, mol కొట్టుకుపోయి K ఒక్కటే మిగులుతుంది. అక్కడ పొరపాటున M రాసి ఉంటే లీటరు కొట్టుకుపోకుండా మిగిలిపోయి, పేపరు ఇచ్చేలోపే నీకే పట్టుబడేది.